కలంకారీ వర్క్‌షాపు: టికెట్టు పెట్టాలా, తోచినంత ఇవ్వమనాలా?

సువర్ణముఖి

అందరికీ నమస్కారం. తిరుపతిలో నెలకొక ఆదివారం ఉదయం కలంకారీ వర్క్‌షాపు నిర్వహిస్తున్నాను. శ్రీకాళహస్తి నుంచి ఒక కళాకారుడు వచ్చి మూడు గంటలపాటు కలం పట్టడం, గీత గీయడం, రంగు నింపడం నేర్పుతారు. పోయిన నెల 500 రూపాయల టికెట్టు పెట్టాను. ఈ నెల టికెట్టు తీసేసి, చివర్లో మీకు తోచినంత ఇవ్వండి అన్నాను. రెండింటి లెక్కలూ ఇక్కడ పెడుతున్నాను.

టికెట్టు పెట్టిన నెలలో 22 మంది ముందే డబ్బు కట్టారు, 20 మంది వచ్చారు. రాబడి 11,000. హాలు అద్దె 2,500, కళాకారుడికి 3,000, ఒక్కొక్కరికి సామగ్రి 180, టీ, చిరుతిండి 40. అన్నీ పోగా 660 మిగిలింది.

తోచినంత ఇవ్వమన్న నెలలో 41 మంది పేర్లిచ్చారు. కొందరు మానేస్తారని తెలిసి 36 మందికే సామగ్రి సిద్ధం చేశాం. వచ్చింది 26 మంది. చేతికి వచ్చింది 5,296. ఖర్చు 13,420. మిగిలిన పది కిట్లు వచ్చే నెలకు పనికొస్తాయి కాబట్టి ఆ 1,800 తీసేసినా 6,324 నష్టం.

సామగ్రి అప్పటికప్పుడు తెచ్చేది కాదని కూడా చెప్పాలి. గుడ్డను కరక్కాయ పొడి, గేదె పాలు కలిపిన నీళ్లలో ముంచి ఆరబెడితేనే మీద గీసిన గీత పాకకుండా నిలుస్తుంది. వెదురు పుల్లకు గుడ్డ చుట్టి, దారం బిగించి కలం చేయాలి. ఇనుము, బెల్లం ఊరబెట్టిన నల్లరంగు శ్రీకాళహస్తి నుంచే రావాలి. అందుకే ఎంతమంది వస్తారో వారం ముందే తెలియాలి.

నష్టం సంగతి అలా ఉంచితే, రెండో నెలలో హాలు కళకళలాడింది. 500 పెట్టినప్పుడు రాని విద్యార్థులు, మా వీధి ఆడవాళ్లు వచ్చారు. వాళ్లను వదులుకోవాలని లేదు. అలాగని ప్రతి నెలా ఆరు వేలు చేతి నుంచి పెట్టుకోలేను. ఏం చేయమంటారు?

మామిడితోట

కలంకారీకి ధర స్థిరంగా ఉండాల్సిందే. చేత్తో వేసిన పట్టుచీరకు బేరం ఆడే వాళ్లకు అమ్మకపోవడమే మంచిది. అచ్చు వేసిన చీరనూ, కలంతో వేసిన చీరనూ ఒకే గాటన కట్టి అడిగేవాళ్లు చిత్తూరులోనూ చాలామంది. ముందుగా ధర చీటీ అంటించి పెట్టండి, ఎవరూ నోరెత్తరు.

సువర్ణముఖి

మామిడితోట గారూ, నేను చీరలు అమ్మడం లేదండి, నేర్పించే తరగతి గురించి అడిగాను. ధర చీటీ మాట మాత్రం గుర్తుపెట్టుకుంటాను.

లెక్కలపద్దు

ఇలాంటి కార్యక్రమాలకు జమాఖర్చులు చూసిన అనుభవం నాకు కాస్త ఉంది. ముందు రెండు ప్రశ్నలు. ఆ 5,296 ఎవరెవరు ఎంతెంత ఇస్తే అయింది? రెండోది, డబ్బు ఎక్కడ, ఎలా తీసుకున్నారు? సగటు చెప్పకండి. ఈ పద్ధతిలో సగటు మనల్ని మోసం చేస్తుంది.

సువర్ణముఖి

రాసి పెట్టుకున్నాను. అయిదుగురు ఏమీ ఇవ్వలేదు. ఎనిమిది మంది 100, అయిదుగురు 116, నలుగురు 200, ఇద్దరు 500 ఇచ్చారు. ఒకరు 1,000, ఇంకొకరు 1,116 ఇచ్చారు.

తలుపు దగ్గర బల్ల మీద క్యూఆర్ కోడ్ పెట్టాను. పక్కన, డబ్బు పడగానే ఎంత వచ్చిందో గట్టిగా చదివే పెట్టె ఉంటుంది కదా, అదీ పెట్టాను. బయటికి వెళ్తూ వరుసగా కట్టి వెళ్లారు.

లెక్కలపద్దు

ఆ మాట్లాడే పెట్టె మీ కొంప ముంచింది! మొదట నిలబడ్డ వ్యక్తి 100 కట్టి ఉంటారు. "వంద రూపాయలు అందాయి" అని అది హాలంతా వినిపించేలా చెప్పింది. ఆ క్షణంలో వెనక వరుసలో ఉన్నవాళ్లకు ధర ఖరారైపోయింది. మీరు టికెట్టు పెట్టకపోయినా ఆ పెట్టె పెట్టేసింది.

ఇక అంకెల సంగతి. 26 మందిని ఇచ్చిన మొత్తం ప్రకారం వరుసలో నిలబెడితే, సరిగ్గా మధ్యలో ఉండే మనిషి ఇచ్చింది 100, 116 మధ్య. సగటు 204 అని కనిపిస్తుంది, కానీ దాన్ని పైకి లాగింది ఇద్దరే. మొత్తం రాబడిలో 2,116, అంటే దాదాపు 40 శాతం, వాళ్లిద్దరిదే. వాళ్లను పక్కన పెడితే మిగతా 24 మంది సగటు 132. మీ కిట్టు ఖర్చే 180. అంటే ఎక్కువమంది నేర్పించినందుకు ఏమీ ఇవ్వలేదు సరికదా, ఇంటికి పట్టుకెళ్లిన గుడ్డ, కలం ఖరీదు కూడా ఇవ్వలేదు. ఆ ఇద్దరూ వచ్చే నెల రాకపోతే మీ లెక్క ఎక్కడ తేలుతుందో చూసుకోండి.

మౌనం

లెక్కల పిచ్చిలో పడితే ఉత్సాహం పోతుంది. విపశ్యన శిబిరాలు చూడండి. పది రోజులు ఉచితంగా భోజనం, వసతి, బోధన. పూర్తిగా దానం మీదే నడుస్తున్నాయి. నమ్మకం పెడితే జనం ఇస్తారు. మీరు ఒక్క నెలకే భయపడుతున్నారు.

లెక్కలపద్దు

మౌనం గారూ, అది నిజమే, కానీ అక్కడి ఏర్పాటు పూర్తిగా చూడండి. పది రోజుల శిబిరం పూర్తి చేసినవాళ్ల దగ్గరే దానం తీసుకుంటారు. తాను నేర్చుకున్నదానికి కాదు, తర్వాత వచ్చేవాళ్ల కోసం ఇస్తున్నానన్న భావనతో ఇస్తారు. బోధించేవాళ్లు, శిబిరంలో సేవ చేసేవాళ్లు జీతం తీసుకోరు. సువర్ణముఖి గారి కళాకారుడు శ్రీకాళహస్తి నుంచి బస్సెక్కి వచ్చి, ఆ ఆదివారం పని మానుకుని కూర్చుంటున్నారు. ఆయన సేవకుడు కాదు, వృత్తిదారుడు. మూడు గంటల తరగతి కలిగించే కృతజ్ఞత పది రోజుల శిబిరం కలిగించేదానితో సమానం కాదు కూడా.

అలిపిరిమెట్లు

మన ఊళ్లో ఉండి ఈ ప్రశ్న వేయడమే నాకు ఆశ్చర్యం. తిరుమలలో సర్వదర్శనం ఉచితం, ప్రత్యేక ప్రవేశ దర్శనం 300. ఉచితంగా వెళ్లినవాళ్లే హుండీలో వేస్తున్నారు. ఎవరూ అడగకపోయినా వేస్తున్నారు. హాల్లోనూ ఒక హుండీ పెట్టండి. పెట్టె మూసి ఉంటుంది, ఎవరు ఎంత వేశారో ఎవరికీ తెలియదు.

లెక్కలపద్దు

సగం ఒప్పుకుంటాను. మూసిన పెట్టె మంచి మాట, ఎందుకంటే పక్కవాడు ఎంత ఇచ్చాడో తెలియదు. కానీ హుండీలో వేసేది మొక్కుబడి, చాలామంది ఇంటి దగ్గరే అనుకుని వస్తారు. వర్క్‌షాపుకు ఎవరూ ముడుపు కట్టుకుని రారు. మీరు చెప్పిన ఉదాహరణలో నాకు పనికొచ్చేది ఇంకొకటి. అక్కడ ఉచితమూ, 300 టికెట్టూ రెండూ పక్కపక్కనే నడుస్తున్నాయి. ఒకటి పెట్టాలంటే రెండోది తీసేయాల్సిన పని లేదు.

విశ్రాంతమాస్టారు

నేను ఇలాంటి తరగతులకు వెళ్లేవాణ్ణి కాబట్టి వచ్చేవాడి వైపు నుంచి ఒక మాట. "మీకు తోచినంత" అంటే నాకు ఇబ్బంది. తక్కువ ఇస్తే లోభి అనుకుంటారేమో, ఎక్కువ ఇస్తే గొప్పలు అనుకుంటారేమో. చివరికి నూటపదహార్లు ఇచ్చి వచ్చేస్తాను. మన ఇళ్లలో పురోహితుడికైనా, పాట పాడిన అమ్మాయికైనా ఇచ్చే అలవాటు అదే కదా. అది సంభావన. దానికి ఖర్చుతో సంబంధం లేదు, మర్యాదతోనే సంబంధం. మీ జాబితాలో 116 ఇచ్చిన అయిదుగురూ నా వయసువాళ్లే అయి ఉంటారు.

నిజం చెప్పాలంటే, రెండుసార్లు అలా ఇచ్చాక మూడోసారి వెళ్లడం మానేశాను. 400 అని చెప్పి ఉంటే నిశ్చింతగా కట్టేవాణ్ణి.

లెక్కలపద్దు

మాస్టారు గారు చెప్పిన ఇబ్బందిని కొలిచి చూసినవాళ్లున్నారు. అమెరికాలో ఒక వినోద పార్కులో, సవారీ చేస్తున్నప్పుడు తీసిన ఫోటోలను రకరకాలుగా అమ్మి చూశారు. ఆ ఫలితాలు 2010లో సైన్స్ పత్రికలో వచ్చాయి. 12.95 డాలర్లు అని ధర పెట్టినప్పుడు నూటికి అర మందే, అంటే రెండు వందల్లో ఒకరే కొన్నారు. ఇష్టం వచ్చినంత ఇవ్వమంటే 8 శాతానికి పైగా కొన్నారు, కానీ సగటున ఒక డాలరు కూడా ఇవ్వలేదు. ఇష్టం వచ్చినంత ఇవ్వండి, అందులో సగం దాతృత్వ సంస్థకు పోతుంది అని చెప్పినప్పుడు కొన్నవాళ్లు నాలుగున్నర శాతానికి పడిపోయారు, కానీ సగటు అయిదు డాలర్లు దాటింది.

ఈ మూడో సంగతి గమనించండి. డబ్బు మంచి పనికి పోతుందనగానే, తక్కువ ఇచ్చి చిన్నబోవడం ఇష్టంలేని వాళ్లు అసలు కొనడమే మానేశారు. మాస్టారు తరగతి మానేసినట్టే. జనం పెరగాలా, ఇచ్చే మొత్తం పెరగాలా అన్నవి రెండు వేర్వేరు కోరికలు. ఒకటి పెంచే మాట రెండోదాన్ని తగ్గించవచ్చు.

హాస్టల్‌గది

ఆ 26 మందిలో నేనూ ఉన్నాను. విశ్వవిద్యాలయంలో చదువుతున్నాను. నేను ఇచ్చింది వంద. నా ముందు ముగ్గురు వంద ఇచ్చారు కాబట్టి వందే అనుకున్నాను. సామగ్రికే 180 అయిందని ఇక్కడ చదివాకే తెలిసింది. చెప్పి ఉంటే 200 ఇచ్చేదాన్ని. 500 మాత్రం నా వల్ల కాదు. అది నాకు వారం ఖర్చు.

రాని పదిహేను మందిలో ఇద్దరు నా స్నేహితురాళ్లే. డబ్బు కట్టలేదు కదా అని తెల్లవారి పడుకుండిపోయారు.

చిత్తూరుయోగా

చిత్తూరులో యోగా తరగతులు నడుపుతాను. ఉచితం అన్నప్పుడు సోమవారం నలభై మంది, గురువారానికి తొమ్మిది మంది. దాంతో వేరే పద్ధతి పెట్టాను. పేరిచ్చేటప్పుడు 200 డిపాజిట్టు, తరగతులన్నీ అయ్యాక తిరిగి ఇచ్చేస్తాను. రానివాళ్లది రాదు. హాజరు ఒక్కసారిగా మారిపోయింది.

నేను ఊహించనిది ఏమిటంటే, చివరి రోజు డబ్బు తిరిగి ఇవ్వబోతే చాలామంది "ఉంచండి మేడం" అన్నారు. జేబులోంచి తీసి ఇవ్వడం కష్టం గాని, ఒకసారి ఇచ్చేసింది వదిలేయడం అంత కష్టం కాదనుకుంటాను. మీరూ 300 డిపాజిట్టు పెట్టి, చివర్లో "కావాలంటే తీసుకోండి, ఉంచాలంటే ఉంచండి, కలిపి ఇవ్వాలంటే ఇవ్వండి" అనండి.

లెక్కలపద్దు

ఇది మంచి ఉపాయం. యోగాకు చాప కూడా వాళ్లే తెచ్చుకుంటారు, మీకు తలకు ఖర్చు దాదాపు సున్నా. అందుకే తిరిగి ఇచ్చేసినా నష్టం లేదు. కలంకారీకి తలకు 220 ముందే ఖర్చయిపోతోంది. పది మంది డిపాజిట్టు వెనక్కి తీసుకుంటే 2,200 మునుగుతుంది.

సువర్ణముఖి గారూ, నా సలహా ఇది. వస్తువుకు, విద్యకు డబ్బు వేరుగా తీసుకోండి. గుడ్డ, కలం, రంగు, టీ కలిపి 250 అని ముందే కట్టించుకోండి. అది తిరిగి రాదు. దాంతో పేరిచ్చి రానివాళ్ల బెడద తీరుతుంది. నేర్పినందుకు తోచినంత, చివర్లో, కవరులో. మాట్లాడే పెట్టెను ఇంట్లో పెట్టి రండి. కవరు మీద ఒక్క వాక్యం రాయండి: హాలుకు, కళాకారుడికి కలిపి ఈ రోజు 5,500 అయింది, వచ్చింది ఇంతమంది, తలకు ఇంత పడుతుంది. ఇంత ఇవ్వండి అని మాత్రం రాయకండి.

28 మంది కట్టి 25 మంది వచ్చారనుకుందాం. ఖర్చు 5,500కు 28 కిట్ల 6,160 కలిపితే 11,660. కిట్టు రుసుముగా 7,000 వస్తుంది. కవర్లలో 4,660 రావాలి, అంటే తలకు 186. మొన్నటి సగటు 204 అందులో పడితే 440 మిగులుతుంది. ఆ ఇద్దరు దాతలు రాకపోతే మిగలదు.

మౌనం

250 ముందే కట్టినవాడు చివర్లో కవరు చూసి "ఇంకా ఎందుకు?" అనుకోడా? ఇది తోచినంత ఇవ్వడం కాదు, రెండు టికెట్లు.

లెక్కలపద్దు

అనుకోవచ్చు. ఎంతమంది అనుకుంటారో చేసి చూస్తే తప్ప నేను చెప్పలేను.

విశ్రాంతమాస్టారు

కళాకారుడి 3,000 కవర్ల మీద ఆధారపడకూడదన్నది ఒక్కటి మరవకండి. జనం మనసు ఎలా ఉన్నా ఆయన పారితోషికం ఆయనకు అందాలి.

సువర్ణముఖి

అది మొదటి నుంచీ అలాగే ఉంది మాస్టారూ. హాల్లోకి రాగానే ముందు ఆయన చేతిలో పెడతాను.

ఆయన్నీ అడిగాను. ఆయన మాట ఇంకోలా ఉంది. "ఇరవై మందైతే ఒక్కొక్కరి దగ్గరికి రెండుసార్లు వెళ్లి చెయ్యి పట్టి చూపిస్తాను. మొన్న 26 మంది కూర్చుంటే వెనక వరుసకు ఒక్కసారే వెళ్లగలిగాను" అన్నారు. కలంలో నల్లరంగు ఎక్కువ పీల్చుకుంటే గుడ్డ తాకగానే చుక్క పడి పాకుతుంది. ఎంత నొక్కితే ఎంత దిగుతుందో పక్కన కూర్చుని చూపిస్తే తప్ప రాదు. వెనక కూర్చున్నవాళ్ల నెమలి కళ్లన్నీ మచ్చలే అయ్యాయి! నలభై మంది వస్తే బాగుండునని ఇన్నాళ్లూ అనుకుంటున్నాను గానీ, ఆయనకు పాతిక దాటడం ఇష్టం లేదు.

వచ్చే నెల 250, కవరు పద్ధతి చేసి చూస్తాను. పాతిక మంది వచ్చేలా 27 పేర్లకే ఆపేస్తాను. అయ్యాక ఇక్కడే రాస్తాను.

సువర్ణముఖి

నెల దాటింది. లెక్క ఇదిగో.

27 మంది 250 చొప్పున కట్టారు, 6,750. వచ్చింది 25 మంది. అందరికీ కవర్లు ఇచ్చాం, టీ తాగుతుండగా మూసిన పెట్టెలో వేశారు. 25 కవర్లలో ఎనిమిది ఖాళీ. మిగతావాటిలో కలిపి 2,930. మొత్తం 9,680. ఖర్చు 5,500, 27 కిట్లకు 5,940, కలిపి 11,440. నష్టం 1,760.

మొన్నటి ఆరు వేలతో పోలిస్తే నయం. కానీ 500 టికెట్టు పెట్టిన నెలే ఇప్పటికీ మెరుగు. విద్యార్థులు తొమ్మిది మంది వచ్చారు, మొదటి నెలలో ఇద్దరే. పెద్ద మొత్తం ఇచ్చిన ఇద్దరిలో ఒకరు మళ్లీ వచ్చారు, ఈసారి కవరులో ఎంత వేశారో తెలియదు.

లెక్కలపద్దు

2,930ని 25తో భాగిస్తే 117. మాస్టారు చెప్పిన నూటపదహార్లే తేలాయి, రూపాయి ఎక్కువ!

మౌనం గారి అనుమానం నిజమైంది. ముందు కట్టిన 250 కొందరికి మొత్తం రుసుములా కనిపించింది. పెట్టె మూసి ఉన్నా, ఖర్చు రాసి పెట్టినా కవరు 186కు చేరలేదు. ఇలాగే కవర్లు వస్తాయనుకుంటే ముందు కట్టేది 320 చేస్తే గట్టెక్కుతారు. అయితే 320 కట్టినవాళ్ల కవరు ఇంకా పలచబడవచ్చు. అక్కడికి వచ్చాక అది టికెట్టే, కవరు అలంకారం.

రెండో దారి, 500 టికెట్టుకే తిరిగి వెళ్లి 25 సీట్లలో అయిదు 250కి ఇవ్వడం. ఇరవై మంది 500, అయిదుగురు 250 అయితే 11,250. ఖర్చు 11,000. అంచు మీద నిలబడుతుంది, కానీ పాతిక సీట్లూ నిండాలి.

మామిడితోట

అయిదు సీట్లు 250కి అని రాస్తే అందరూ అవే అడుగుతారు. కార్డు చూపించమంటారా?

హాస్టల్‌గది

కార్డు అడిగితే నేను రాను. అయిదు సీట్లంటే మొన్న వచ్చిన తొమ్మిది మందిలో నలుగురం బయట ఉన్నట్టే కదా మేడం.

చిత్తూరుయోగా

డిపాజిట్టు పద్ధతిని ఎవరూ చేసి చూడలేదు. 400 డిపాజిట్టు, వచ్చినవాళ్లు కావాలంటే 150 వెనక్కి తీసుకోవచ్చు అని పెట్టండి. అందరూ తీసుకున్నా 250 చేతిలో ఉంటుంది, పోయిన నెల కంటే తగ్గేది కవర్ల 2,930 మాత్రమే. సగం మంది వదిలేస్తే దానిలో చాలా భాగం కవర్లు లేకుండానే వచ్చేస్తుంది. పైగా 400 కట్టినవాళ్లు తెల్లవారి పడుకోరు.

సువర్ణముఖి

కార్డు అడగను. వచ్చే నెల చిత్తూరుయోగా గారు చెప్పినట్టు 400 డిపాజిట్టు పెడతాను. నాకున్న సందేహం ఒక్కటే. 150 వెనక్కి అడగడానికి నలుగురిలో బల్ల దగ్గరికి రావాలంటే విద్యార్థులు మొహమాటపడి వదిలేస్తారు, ఇవ్వగలిగినవాళ్లు ధైర్యంగా తీసుకుంటారు. దాన్ని ఎలా తప్పించాలి? సాయంత్రం ఫోనుకే సందేశం పంపి, కావాలన్నవాళ్లకు వెనక్కి పంపేస్తే సరిపోతుందా?

చిత్తూరుయోగా

ఫోనుకే పంపండి. నేనూ ఎదురుగా అడగను. మరుసటి రోజు వరకు గడువు ఇవ్వండి, ఆలోచించుకుంటారు.

లెక్కలపద్దు

మరుసటి రోజు వరకంటే తీసుకునేవాళ్లు పెరుగుతారని నా అనుమానం. హాల్లో ఉండే ఉత్సాహం సోమవారం ఉదయానికి ఉండదు. అదే రాత్రి తొమ్మిదింటికి ఆపేయండి. ఎవరెవరు వెనక్కి తీసుకున్నారో, విద్యార్థులెందరో విడివిడిగా రాసి పెట్టండి, ఈసారి మొత్తం అంకె కంటే అదే ముఖ్యం.